తండ్రి కడుపు పండే చేప

ఆస్ట్రేలియా ఆగ్నేయ తీరంలోనూ న్యూజిలాండ్ చుట్టూనూ లోతు తక్కువ సముద్రంలో ఒక రకం సముద్ర గుర్రం ఉంటుంది. బాగా ముందుకు వచ్చిన పొట్టను బట్టి దానికి పెద్దపొట్ట సముద్ర గుర్రం అని పేరు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హిప్పోకాంపస్ అబ్డామినాలిస్. తల నుంచి తోక కొస దాకా 35 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది కాబట్టి సముద్ర గుర్రాల్లో ఇది పెద్ద జాతుల్లో ఒకటి. ఈ జాతిలో కడుపు మోసేది మగది. గుడ్లు తయారుచేయడంతో ఆడదాని పని అయిపోతుంది. ఆ గుడ్లను తన ఒంట్లో పెట్టుకుని నెల రోజుల పాటు సాకి, ఒళ్లు వంచి, కండరాలు బిగించి పిల్లల్ని బయటికి పంపేది తండ్రే. ఒక్క కాన్పులో కొన్ని వందల పిల్లలు పుడతాయి. పెద్ద మగచేపకు వెయ్యి దాటిన సందర్భాలూ ఉన్నాయి.

ఇంతవరకు చాలామంది వినే ఉంటారు. విన్నవారికి సాధారణంగా ఒక సందేహం వస్తుంది. గుడ్లు పెట్టింది ఆడదే కదా, మగది వాటిని ఒక సంచిలో మోసుకు తిరుగుతుందంతే, దాన్ని గర్భం అనడం అతిశయోక్తి కాదా అని. సందేహం సహేతుకమైనదే. చాలాకాలం కొందరు శాస్త్రజ్ఞులకూ ఇదే అనుమానం ఉండేది. ఆ సంచి కేవలం కాపలా గది అయితే లోపలి పిల్లలకు తండ్రి ఒంటి నుంచి ఏమీ అందకూడదు. అది నిజంగా గర్భాశయం చేసే పని చేస్తుంటే ఊపిరి, ఉప్పు, ఆహారం, రోగాల నుంచి రక్షణ, అన్నీ తండ్రి ఒళ్లే చూసుకోవాలి. గత కొన్ని దశాబ్దాల పరిశోధనలో జవాబు రెండోవైపు తేలుతూ వచ్చింది. ఆ జవాబు ఎలా తేలిందో చూడాలంటే ఒక కాన్పును మొదటి నుంచి చివరి దాకా వెంబడించాలి.

సంచి ఎక్కడ ఉంటుంది

సముద్ర గుర్రం నిలువుగా ఈదే చేప. ఒంటి మీద పొలుసులు ఉండవు. చర్మం కింద ఎముక పలకలు వలయాలుగా అమరి ఉంటాయి. తోకకు రెక్క ఉండదు. గడ్డినో పగడపు కొమ్మనో చుట్టి పట్టుకోవడానికే ఆ తోక. మగదానికి పొట్ట అయిపోయి తోక మొదలయ్యే చోట, ముందువైపు, మెత్తని చర్మపు సంచి ఉంటుంది. దాని మూతి పైభాగాన చిన్న చీలికలా ఉంటుంది. సరిగ్గా ఆ మూతి దగ్గరే చాలా చిన్న రెక్క ఒకటి ఉంటుంది. ఆ చిన్న రెక్క సంగతి కాన్పు దగ్గర మళ్లీ వస్తుంది.

పిల్ల చేపల్లో సంచి కనిపించదు. మగది ఎదిగేకొద్దీ, పురుష హార్మోన్ల ప్రభావంతో, రెండు పక్కల చర్మం మడతలు పడి మధ్యలో కలుసుకుని సంచిగా మారుతుంది. ఆడదానికి అసలు ఉండదు. అందువల్ల ఎదిగిన సముద్ర గుర్రాన్ని చూసి ఆడో మగో చెప్పడం తేలిక. పొట్ట కింద నుంచి తోక వైపు నున్నగా సాగిన చర్మం ఉంటే మగది. పొట్ట ఉన్నట్టుండి ముగిసి, అక్కడి నుంచే పలకల తోక మొదలైతే ఆడది.

ఇలాంటి అవయవం ఒక్కసారిగా ఎలా వచ్చిందా అని ఆశ్చర్యం వేస్తుంది. సముద్ర గుర్రం చుట్టాలను చూస్తే ఆ ఆశ్చర్యం కొంత తగ్గుతుంది. గొట్టంలాంటి మూతి గల పైప్‌ఫిష్‌లు, ఆకుల్లాంటి అలంకారాలు తగిలించుకున్న సీడ్రాగన్‌లు, సముద్ర గుర్రాలు అన్నీ సింగ్నాథిడే అనే ఒకే కుటుంబం. ఈ కుటుంబంలో గుడ్లు మోసేది ఎప్పుడూ మగదే, కాని మోసే పద్ధతి ఒకటి కాదు. కొన్ని పైప్‌ఫిష్‌లలో గుడ్లు మగదాని పొట్టకు బయటే అంటుకుని ఉంటాయి, పైన ఏ కప్పూ ఉండదు. సీడ్రాగన్‌లలో తోక అడుగున చర్మంలో చిన్న గుంటలు ఏర్పడి, ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు కూర్చుంటుంది. మరికొన్ని పైప్‌ఫిష్‌లలో రెండు పక్కల నుంచి చర్మపు రెక్కలు వచ్చి గుడ్లను కప్పుతాయి. సముద్ర గుర్రంలో ఆ రెక్కలు పూర్తిగా అతుక్కుపోయి, పైన చిన్న మూతి మాత్రమే మిగిలింది. ఇవన్నీ ఈనాడు బతికున్న చేపలే కాబట్టి ఒకటి మరొకటిగా మారిందని చెప్పకూడదు. అయినా అంటుకున్న గుడ్డు నుంచి మూసిన సంచి దాకా మధ్యలో ఎన్ని మెట్లు సాధ్యమో ఇవి కళ్లకు కట్టి చూపిస్తాయి.

గుడ్లు చేతులు మారే ఆరు సెకన్లు

సముద్ర గుర్రాల కాపురం గురించి మనకు బాగా తెలిసింది సిడ్నీ దగ్గరి నీళ్లలో ఉండే మరో జాతి వల్ల. దాని పేరు హిప్పోకాంపస్ వైటై. కెనడా జీవశాస్త్రవేత్త అమండా విన్సెంట్ నీటి అడుగున గంటల తరబడి కూర్చుని ఈ చేపలను గమనించారు. లారా సాడ్లర్‌తో కలిసి 1995లో ఆమె ప్రచురించిన వ్యాసం సముద్రంలో స్వేచ్ఛగా తిరిగే సముద్ర గుర్రాలు జతకు కట్టుబడి ఉంటాయని చూపింది. మగది కడుపుతో ఉన్న రోజుల్లో కూడా ఆడది ప్రతి ఉదయం దాని దగ్గరికి వస్తుంది. రెండూ రంగు కాస్త లేతగా మార్చుకుని, ఒకే గడ్డి కాడకు తోకలు చుట్టి, పక్కపక్కన కొద్దిసేపు తిరుగుతాయి. తర్వాత ఎవరి దారి వారిది. మర్నాడు పొద్దున మళ్లీ కలుస్తాయి.

ఈ రోజువారీ పలకరింపు వల్ల ఒక ఉపయోగం ఉంది. మగదాని కాన్పు ఎప్పుడు అవుతుందో ఆడదానికి తెలియాలి, ఎందుకంటే అప్పటికి తర్వాతి విడత గుడ్లు సిద్ధంగా ఉండాలి. గుడ్లు చివరి దశలో నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఒకసారి అలా ఉబ్బాక ఆడది వాటిని ఎక్కువసేపు లోపల దాచుకోలేదు. సంచి ఖాళీ లేకపోతే గుడ్లు నీటిపాలు. ఇద్దరి లెక్క కలిస్తే మాత్రం మగది కనిన రోజునో ఒకటి రెండు రోజుల్లోనో మళ్లీ కడుపుతో ఉంటుంది.

జత కట్టే రోజున పలకరింపు చాలాసేపు సాగుతుంది. పెద్దపొట్ట సముద్ర గుర్రంలో మగది తన సంచిని నీళ్లతో నింపి బెలూన్‌లా ఉబ్బిస్తుంది. సంచి తెల్లగానో లేత పసుపుగానో మెరుస్తుంది. ఒళ్లు వంచుతూ నిటారు అవుతూ సంచిలోకి నీళ్లు పీల్చి వదులుతుంది. ఇలా చేయడం వల్ల సంచి ఖాళీగా ఉందని ఆడదానికి తెలుస్తుంది, లోపల శుభ్రమూ అవుతుంది. చివరకు రెండూ నేల వదిలి, ఎదురెదురుగా, నీటిలో పైకి లేస్తాయి. ఆడది తన పొట్ట కింది చిన్న గొట్టాన్ని సంచి మూతికి ఆనించి గుడ్లన్నింటినీ ఒక్క విడతలో లోపలికి వదిలేస్తుంది. గుడ్లు ఒకదానికొకటి జిగురుగా అంటుకుని ధారలా దిగుతాయి. అక్కడితో ఆడదాని పొట్ట చదునవుతుంది, మగదాని సంచి నిండుతుంది.

ఫలదీకరణ ఎక్కడ జరుగుతుందన్నది ఇక్కడ చిక్కు ప్రశ్న. మగదాని వీర్యం నేరుగా సంచిలోకే కారుతుందని మొదట్లో అనుకునేవారు. మన దేశపు తీరాల్లో కూడా దొరికే పసుపు సముద్ర గుర్రం, అంటే హిప్పోకాంపస్ కుడా మీద 2007లో వెలువడిన పరిశోధన ఆ ఊహను తోసిపుచ్చింది. వీర్యనాళం తెరుచుకునేది సంచి లోపల కాదు, బయట. జతకట్టేటప్పుడు సంచి మూతి తెరిచి ఉండేది ఆరు సెకన్ల పాటు మాత్రమే. అంటే వీర్యకణాలు ముందు సముద్రపు నీటిలో పడి, గుడ్లతో పాటే ఆ కొద్ది క్షణాల్లో సంచిలోకి చేరుకోవాలి. ఇంత తక్కువ వ్యవధి వల్ల మరో మగదాని వీర్యం లోపలికి జొరబడే అవకాశం దాదాపు లేదు. పశ్చిమ ఆస్ట్రేలియా సముద్ర గుర్రాల పిల్లలకు జన్యు పరీక్షలు చేసినప్పుడు సంచిలో ఉన్న పిల్లలన్నీ ఆ తండ్రివే అని, తల్లి కూడా ఒక్కతే అని తేలింది. చేపల లోకంలో ఇంత కచ్చితమైన పితృత్వం అరుదు. ఆ ఒళ్లు ఇంత ఖర్చు పెట్టి ఎవరి పిల్లల్ని సాకుతోందో అనుమానానికి తావు లేకపోవడం ఈ పద్ధతి నిలదొక్కుకోవడానికి తోడ్పడింది.

సంచి లోపలి నెల రోజులు

మూతి బిగుసుకున్నాక అసలు పని మొదలవుతుంది. జత విడిపోగానే మగది ఒళ్లు అటూ ఇటూ ఊపుతుంది, గుడ్లు లోపల సమంగా సర్దుకుంటాయి. సంచి లోపలి గోడ ఉబ్బి, పొరలు పొరలుగా మడతపడి, ఒక్కో గుడ్డు చుట్టూ పెరుగుతుంది. కొద్ది రోజులకు ప్రతి గుడ్డూ తేనెపట్టు గదిలో పురుగులా తన గుంటలో తాను ఒదిగిపోతుంది. ఆ గుంట గోడల్లో సన్నని రక్తనాళాలు అల్లుకుంటాయి.

అక్కడి నుంచి పిల్లకు కావలసిన వాటిలో మొదటిది ఊపిరి. మూసిన సంచిలో వందల పిండాలు ఉంటే లోపలి నీటిలో ఆక్సిజన్ త్వరగా అయిపోతుంది. పిండాలు పెరిగేకొద్దీ అవసరమూ పెరుగుతుంది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో జెస్సికా డడ్లీ, కమిల్లా విటింగ్టన్ బృందం పెద్దపొట్ట సముద్ర గుర్రాల సంచి గోడను గర్భంలోని వేర్వేరు దశల్లో సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. రోజులు గడిచేకొద్దీ గోడ పలచబడుతూ వచ్చింది, రక్తనాళాలు ఎక్కువయ్యాయి. తండ్రి రక్తానికీ పిండానికీ మధ్య దూరం తగ్గితే ఆక్సిజన్ తేలిగ్గా లోపలికి వెళుతుంది, బొగ్గుపులుసు వాయువు తేలిగ్గా బయటికి వస్తుంది. మనుషుల్లో మాయ కూడా నెలలు నిండేకొద్దీ ఇదే దారిలో మారుతుంది. మాయ ఆడదాని గర్భాశయంలో పుడుతుంది, సంచి మగదాని పొట్ట చర్మంలో పుడుతుంది. పుట్టుక వేరైనా ఒకే అవసరం రెండింటినీ ఒకే రకం నిర్మాణానికి చేర్చింది.

రెండోది ఉప్పు. సముద్రపు నీటిలోని ఉప్పు చేప రక్తంలో కంటే సుమారు మూడింతలు ఎక్కువ. మొప్పలు ఇంకా సరిగా పనిచేయని పిండాన్ని నేరుగా ఆ నీటిలో పెడితే ఒంట్లోని నీరు బయటికి పోతుంది. 1964లో లింటన్, సొలోఫ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా తీరపు సముద్ర గుర్రం సంచిలోని ద్రవాన్ని పరీక్షించారు. గర్భం మొదట్లో ఆ ద్రవం తండ్రి రక్తానికి దగ్గరగా ఉందనీ, కాన్పు దగ్గరపడేకొద్దీ సముద్రపు నీటికి దగ్గరయిందనీ వారు చూపారు. అంటే తండ్రి మొదట ఉప్పును బయటికి తోడేస్తూ పిల్లల్ని కాపాడుతుంది. తర్వాత కొద్దికొద్దిగా ఉప్పు పెంచుతూ, పుట్టిన వెంటనే తట్టుకోవలసిన నీటికి వాటిని అలవాటు చేస్తుంది. సముద్ర గుర్రం కాన్పులో నాకు అన్నింటికంటే విలువైన పని ఇదే అనిపిస్తుంది. పిల్లల్ని దాచిపెట్టడంతో ఆగకుండా, బయటి లోకానికి సిద్ధం చేసి పంపుతోంది ఆ సంచి.

మూడోది తిండి. పిండానికి ప్రధాన ఆహారం గుడ్డులోని సొనే, అది తల్లి పెట్టింది. తండ్రి దానికి ఏమైనా కలుపుతుందా? దీన్ని తేల్చే పద్ధతి సూటిగా ఉంటుంది. గుడ్డును ఎండబెట్టి తూచాలి, అప్పుడే పుట్టిన పిల్లనూ ఎండబెట్టి తూచాలి. పిండం ఎదుగుతూ సొనలో కొంత భాగాన్ని శక్తి కోసం ఖర్చు చేస్తుంది కాబట్టి బయటి నుంచి ఏమీ రాకపోతే పిల్ల ఎండు బరువు గుడ్డు కంటే బాగా తగ్గాలి. గుడ్లు పెట్టి వదిలేసే చేపల్లో అలాగే తగ్గుతుంది. పెద్దపొట్ట సముద్ర గుర్రం మీద విటింగ్టన్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఆ తగ్గుదల కనిపించలేదు. ఎక్కడి నుంచో పోషకాలు వచ్చి ఆ లోటు పూడ్చాయి. సంచి గోడ తప్ప వేరే దారి లేదు. అదే బృందం 2015లో సంచి కణాల్లో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చూసినప్పుడు, గర్భం సమయంలో కొవ్వు పదార్థాలను, ఎముకలకు కావలసిన కాల్షియాన్ని రవాణా చేసే జన్యువులు చురుగ్గా ఉన్నట్టు గమనించింది. పాలిచ్చే జంతువుల గర్భాశయంలో గర్భం వేళ పనిచేసే జన్యువుల్లాంటివి వీటిలో చాలా ఉన్నాయి.

నాలుగోది రక్షణ, ఇందులో రెండు సమస్యలు ఎదురెదురుగా నిలబడతాయి. వెచ్చగా తడిగా ఉన్న మూసిన సంచి బ్యాక్టీరియాకూ బూజుకూ మంచి చోటు. కాబట్టి సంచి కణాలు వాటిని చంపే పదార్థాలను తయారుచేస్తాయి. అదే సమయంలో తండ్రి రోగనిరోధక శక్తి పిండాల జోలికి పోకూడదు. పిండంలో సగం జన్యువులు తల్లివి, అంటే తండ్రి ఒంటికి సగం పరాయివి. మనుషుల్లో గర్భిణి శరీరం కూడా ఇదే చిక్కును దాటాలి. జర్మనీలోని కీల్ నగరపు పరిశోధకురాలు ఓలివియా రోత్ బృందం 2020లో ఈ కుటుంబపు చేపల జన్యువులను పోల్చి చూసింది. పరాయి కణాలను గుర్తుపట్టే వ్యవస్థలో కీలకమైన ఎంహెచ్‌సీ రెండో తరగతికి చెందిన జన్యువులు సముద్ర గుర్రాల్లో బాగా మారిపోయి ఉన్నాయి, కొన్ని పైప్‌ఫిష్‌లలో లేకుండానే పోయాయి. సాధారణంగా వెన్నెముక గల జంతువులు వదులుకోని ఆయుధం అది. మగ గర్భానికీ ఈ మార్పుకూ సంబంధం ఉందని ఆ బృందం ప్రతిపాదించింది.

తండ్రి పురిటి నొప్పులు

పిల్లలు గుడ్డు పొరను సంచిలో ఉండగానే చీల్చుకుంటాయి. కొద్ది రోజులు లోపలే ఉండి మిగిలిన సొన వాడుకుంటాయి. ఎన్ని రోజులకు కాన్పు అవుతుందన్నది జాతిని బట్టీ నీటి వెచ్చదనాన్ని బట్టీ మారుతుంది. చిన్న జాతుల్లో పది పన్నెండు రోజులు చాలు. పెద్దపొట్ట సముద్ర గుర్రానికి దాదాపు నెల పడుతుంది. నీళ్లు చల్లబడితే ఇంకా ఆలస్యమవుతుంది.

కాన్పు ఎక్కువగా రాత్రి వేళో తెల్లవారు జామునో జరుగుతుంది. మగది ముందుగా అశాంతిగా కదులుతుంది, ఊపిరి వేగం పెరుగుతుంది. తర్వాత ఒళ్లు ముందుకు వంచి తోక వైపు నొక్కుతుంది, వెంటనే నిటారు అవుతుంది. మళ్లీ నొక్కుతుంది. ప్రతి నొక్కుకూ సంచి మూతి తెరుచుకుంటుంది, నీళ్లు లోపలికీ బయటికీ పోతాయి. ఒక దశలో ఒళ్లు గట్టిగా కుదుపుతుంది. ఆ కుదుపుతో పిల్లలు గుంపులుగా బయటికి చిమ్ముకొస్తాయి. కొన్నిసార్లు నిమిషాల్లో పూర్తవుతుంది, కొన్నిసార్లు గంటల తరబడి విడతలు విడతలుగా సాగుతుంది.

మనుషుల్లో గర్భాశయం గోడల్లోని కండరాలు ఆక్సిటోసిన్ అనే హార్మోను వల్ల తమంతట తామే బిగుసుకుంటాయి. వాటి మీద తల్లికి అదుపు లేదు. చేపల్లో ఆక్సిటోసిన్‌కు సాటి హార్మోను ఐసోటోసిన్. కాబట్టి సముద్ర గుర్రంలో కూడా ఐసోటోసిన్ సంచిని బిగిస్తుందని అందరూ అనుకున్నారు. డడ్లీ, విటింగ్టన్, వారి సహచరులు సంచి ముక్కలను ప్రయోగశాలలో ఐసోటోసిన్‌లో ఉంచి చూశారు. సంచి కదలలేదు. అదే చేప పేగు ముక్క మీద పెడితే బిగుసుకుంది. అంటే హార్మోను పనిచేస్తోంది, సంచే దానికి స్పందించడం లేదు.

సూక్ష్మదర్శినిలో చూస్తే కారణం దొరికింది. గర్భాశయంలో ఉండే రకం కండరం సంచి గోడలో చాలా తక్కువ, అక్కడక్కడ చిన్న చిన్న పోగులుగా మాత్రమే ఉంది. అంత కొద్ది కండరం వందల పిల్లలను నెట్టలేదు. మరి నెట్టేదేమిటి? ఇక్కడే సంచి మూతి దగ్గరి చిన్న రెక్క తిరిగి వస్తుంది. దాన్ని మోసే మూడు ఎముకలు సంచి మూతి పక్కనే ఉన్నాయి. వాటికి అతుక్కుని పెద్ద కండరాలు ఉన్నాయి, మన చేతికాళ్లను కదిలించే రకం కండరాలు. ఇతర చేపల్లో అవి రెక్కను కదిలిస్తాయి. సముద్ర గుర్రానికి ఆ రెక్క ఈదడానికి పెద్దగా ఉపయోగపడనంత చిన్నది, అయినా కండరాలు మాత్రం పెద్దవి. పైగా ఆడదానిలో కంటే మగదానిలో ఇంకా పెద్దవి. ఆ కండరాలు బిగిసి సంచి మూతిని తెరుస్తాయనీ, ఒంటి వంపు ఒత్తిడి పెంచి పిల్లల్ని బయటికి తోస్తుందనీ పరిశోధకులు నిర్ధారణకు వచ్చారు. ఈ రకం కండరాలు సాధారణంగా మెదడు ఆజ్ఞతో కదిలేవి. అంటే పిల్లల్ని ఎప్పుడు, ఎంత బలంగా బయటికి పంపాలన్నది తండ్రి అదుపులో ఉండే పని కావచ్చు. స్త్రీ కాన్పుకూ ఈ కాన్పుకూ లోపలి నెల రోజుల్లో అంత పోలిక ఉండి, చివరి ఘట్టంలో మాత్రం దారులు పూర్తిగా విడిపోయాయి. పోషణ విషయంలో సంచి గర్భాశయాన్ని పోలింది. నెట్టడం విషయంలో మాత్రం చేప తనకు ముందే ఉన్న రెక్క కండరాన్ని వాడుకుంది.

ఎక్కడ తేడా వస్తుంది

సముద్ర గుర్రాలను తొట్టెల్లో పెంచేవారికి ఈ ప్రక్రియలోని బలహీన స్థానాలు బాగా తెలుసు. మొదటిది గుడ్లు చేతులు మారే ఘట్టం. జత పైకి లేవడానికి నీటి లోతు కావాలి. తొట్టె ఎత్తు చేప పొడవుకు కనీసం మూడింతలైనా లేకపోతే రెండూ పైకి చేరి, మూతికి మూతి సరిగా ఆనేలోపే నీటి ఉపరితలం అడ్డుపడుతుంది. మర్నాడు తొట్టె అడుగున నారింజ రంగు గుడ్లు చెల్లాచెదురుగా కనిపిస్తే జరిగింది అదేనని తెలుసుకోవచ్చు. ఆ గుడ్లు సంచి బయట బతకవు.

రెండోది సంచిలో గాలి చేరడం. మగది ఉన్నట్టుండి తోక పైకి లేచి, కిందికి దిగలేక తేలుతూ ఉంటే సంచిలో గాలి బుడగలు చేరాయన్నమాట. కడుపుతో ఉన్న చేప అలా తేలదు, సంచి బరువుగా కిందికి వేలాడుతుంది. అనుభవం ఉన్న పెంపకందారులు, పశువైద్యులు సన్నని గొట్టంతో మెల్లగా ఆ గాలి తీసేస్తారు. తీయకపోతే చేప తిండి అందుకోలేక నీరసించిపోతుంది. సముద్ర గుర్రానికి జీర్ణాశయం లేదు, తిన్నది పేగు గుండా త్వరగా వెళ్లిపోతుంది కాబట్టి రోజంతా చిన్న రొయ్య పిల్లల్లాంటి జీవులను పీలుస్తూనే ఉండాలి. ఆకలికి అది ఎక్కువ కాలం తాళలేదు.

మూడోది పుట్టిన తర్వాతి గంటలు. పిల్లలు అర సెంటీమీటరు నుంచి రెండు సెంటీమీటర్ల లోపు పొడవుంటాయి. పెద్దవాటి రూపమే, కాకపోతే బాగా చిన్నది. బయటికి రాగానే నీటి పైకి చేరి ఒక గుక్క గాలి మింగుతాయి. ఆ గాలితో ఒంటి లోపలి గాలితిత్తి నిండి, నీటిలో నిలబడే శక్తి వస్తుంది. నీటి మీద నూనె పొర ఉంటే ఆ గుక్క అందదు, పిల్ల అడుగుకు జారిపోతుంది. తల్లిదండ్రులు వాటి వైపు మళ్లీ చూడరు. నెల రోజులు అంత శ్రద్ధ పెట్టిన తండ్రి బాధ్యత సంచి మూతి దగ్గర ముగుస్తుంది. సముద్రంలో ప్రవాహాలు పిల్లల్ని ఎక్కడికో తీసుకుపోతాయి, పెద్ద చేపలు, పీతలు తింటాయి. వెయ్యి పుడితే ఎదిగి పిల్లల్ని కనే వయసుకు చేరేవి ఐదు కూడా ఉండవని అంచనా. అయినా గుడ్లను నీటిలో వదిలేసే చాలా చేపలతో పోలిస్తే ఇది మెరుగైన లెక్కే. తండ్రి సంచి అత్యంత ప్రమాదకరమైన మొదటి రోజుల్ని దాటించింది మరి.

ఒక మగది వలలో పడితే

కడుపు మోసేది మగది కాబట్టి ఆడవాళ్లే మగవాటి కోసం పోటీ పడతాయని అనుకోవచ్చు. కొన్ని పైప్‌ఫిష్‌లలో అది నిజం. సముద్ర గుర్రాల్లో మాత్రం పోటీ ఎక్కువగా మగవాటి మధ్యే అని విన్సెంట్ చూపారు. అవి తోకలు పెనవేసుకుని కుస్తీ పడతాయి, మూతితో కొట్టుకుంటాయి. రెండింటికీ ఒక్కో విడతకు పట్టే సమయం దాదాపు సమానం. మగది కనేలోపు ఆడది గుడ్లు తయారుచేసుకుంటుంది. ఒక విడత గుడ్లు ఒక సంచికి సరిపోతాయి. అందుకే జత కుదరడం ఇద్దరికీ లాభం, జత విరగడం ఇద్దరికీ నష్టం.

ఆ నష్టాన్ని మనం తరచూ కలిగిస్తున్నాం. సముద్ర గుర్రాలు గడ్డి దిబ్బలు, పగడాలు ఉన్న లోతు తక్కువ చోట్ల ఉంటాయి. రొయ్యల కోసం నేలను ఈడ్చే ట్రాలర్ వలలు తిరిగేదీ అక్కడే. మన దేశంలో పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖలో ఇవి ఎక్కువగా వలల్లో పడేవి. ఎండబెట్టి చైనా సంప్రదాయ వైద్యం కోసం ఎగుమతి చేసేవారు. 2001లో భారత ప్రభుత్వం వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో వీటిని చేర్చింది. అప్పటి నుంచి పట్టడం, ఎండబెట్టడం, అమ్మడం అన్నీ నేరమే. అంతర్జాతీయ వ్యాపారంపై సైటిస్ ఒప్పందం 2002లో ఆంక్షలు నిర్ణయించింది, అవి 2004 నుంచి అమలులోకి వచ్చాయి.

చట్టం కాగితం మీద ఉన్నా, వల దేన్ని పట్టుకోవాలో ఎంచుకోదు. గుడ్లు నీటిలో వదిలే చేపను పట్టుకుంటే ఒక చేప పోతుంది. కడుపుతో ఉన్న మగ సముద్ర గుర్రాన్ని పట్టుకుంటే సంచిలోని వందల పిండాలూ దానితోనే పోతాయి. అక్కడితో ఆగదు. జత కోల్పోయిన ఆడది వెంటనే ఇంకొకదాన్ని వెతుక్కోదు. కొత్త జత కుదిరేలోపు అది తయారుచేసిన గుడ్లు వృథా అవుతాయి. ఒక్క చేప పోవడం వల్ల ఒక కాన్పు, దాని తర్వాతి కాన్పులు కూడా ఆగిపోతాయి.

కాబట్టి తీరంలో ఉండేవారు చేయగలిగిన పని ఒకటి స్పష్టంగా ఉంది. వలలో సముద్ర గుర్రం బతికి కనిపిస్తే ముందుగా దాని పొట్ట కింది భాగం చూడాలి. నున్నగా ఉబ్బిన సంచి ఉంటే అది కడుపుతో ఉన్న తండ్రి. సంచిని నొక్కకుండా, తడి చేత్తో తీసి, పట్టుకున్న చోటికి వీలైనంత దగ్గరగా, గడ్డి ఉన్న నీటిలో వెంటనే వదిలేయాలి. నొక్కితే మూతి తెరుచుకుని ఇంకా ఎదగని పిల్లలు బయట పడతాయి, అవి ఉప్పు నీటిని తట్టుకోలేవు. సంచి లేని ఆడదైనా అలాగే వదలాలి, ఎందుకంటే అది లేనిదే ఎక్కడో ఒక మగదాని సంచి నిండదు.